‘గా’ కనిపించగానే ‘లీ’ తగిలించకండి: ఇంగ్లిష్‌లో అడ్జెక్టివ్ ఎక్కడ, అడ్వర్బ్ ఎక్కడ, ఏది ముందు

‘ఆమె సంతోషంగా కనిపిస్తోంది’ అన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రాయమంటే చాలామంది ‘షి లుక్స్ హ్యాపీలీ’ అని రాస్తారు. ‘పాట వినడానికి బాగుంది’ అంటే ‘ద సాంగ్ సౌండ్స్ వెల్’ అంటారు. రెండూ తప్పే. ‘షి లుక్స్ హ్యాపీ’, ‘ద సాంగ్ సౌండ్స్ గుడ్’ అనాలి. బ్యాంకు పరీక్షల్లో, ఎస్‌ఎస్‌సీ పరీక్షల్లో వాక్యంలో తప్పు పట్టుకోమనే ప్రశ్నలకు ఇలాంటి వాక్యాలు బాగా పనికొస్తాయి. మనవాళ్లు ఈ తప్పు చేయడానికి బద్ధకం కారణం కాదు, తెలుగే కారణం.

తెలుగులో ‘గా’ రెండు పనులు చేస్తుంది. ‘అతను నిశ్శబ్దంగా వెళ్లిపోయాడు’ అన్నప్పుడు వెళ్లడం ఎలా జరిగిందో చెబుతుంది. ‘గది నిశ్శబ్దంగా ఉంది’ అన్నప్పుడు గది ఎలాంటిదో చెబుతుంది. మనకు రెండిటికీ ఒకే మాట. ఇంగ్లిష్ మాత్రం వీటిని విడదీస్తుంది. మొదటిది ‘హి లెఫ్ట్ క్వయట్‌లీ’, రెండోది ‘ద రూమ్ వాజ్ క్వయట్’. బళ్లో ‘గా’ అంటే ‘లీ’ అని బట్టీ పట్టినవాళ్లు రెండో చోట దెబ్బతింటారు.

మొదటి అడుగు: ఆ గుణం ఎవరిదో అడగండి

‘గా’ ఉన్న మాట దగ్గర ఆగి, ఆ గుణం మనిషిదా లేక వస్తువుదా, లేదంటే జరిగిన పనిదా అని అడగండి. మనిషిదో వస్తువుదో అయితే అడ్జెక్టివ్ రాయాలి, పనిదైతే అడ్వర్బ్.

‘డ్రైవర్ జాగ్రత్తగా ఉన్నాడు’ అంటే జాగ్రత్త డ్రైవర్ గుణం. కాబట్టి ‘ద డ్రైవర్ వాజ్ కేర్‌ఫుల్’. ‘డ్రైవర్ జాగ్రత్తగా నడిపాడు’ అంటే నడపడంలో జాగ్రత్త. కాబట్టి ‘ద డ్రైవర్ డ్రోవ్ కేర్‌ఫుల్లీ’.

తెలుగు వాక్యం చివర ఉంది, అయింది, కనిపిస్తోంది, అనిపిస్తోంది, వినిపిస్తోంది లాంటి క్రియ ఉంటే ఆ గుణం సాధారణంగా కర్తదే. ఇంగ్లిష్‌లో ఆ చోట లింకింగ్ వెర్బ్ వస్తుంది. కర్తనూ దాని గుణాన్నీ కలపడం తప్ప అది వేరే పనేమీ చెప్పదు. బి, బికమ్, సీమ్ ఎప్పుడూ దాదాపు ఈ పనికే వాడతారు. లుక్, ఫీల్, సౌండ్, స్మెల్, టేస్ట్, అప్పియర్, గెట్, టర్న్, గ్రో, గో, స్టే, రిమెయిన్, కీప్ సందర్భాన్ని బట్టి ఈ పని చేస్తాయి. ‘పాలు విరిగాయి’ అనడానికి ‘ద మిల్క్ టర్న్‌డ్ సౌర్’, ‘అతను మౌనంగా ఉండిపోయాడు’ అనడానికి ‘హి రిమెయిన్‌డ్ సైలెంట్’. ‘సౌర్‌లీ’, ‘సైలెంట్‌లీ’ ఇక్కడ కుదరవు.

ఒక చిక్కుంది. తెలుగు క్రియ పని చెప్పేదైనా ‘గా’ మాత్రం వస్తువు గుణమే చెప్పే సందర్భాలు ఉన్నాయి. ‘మొక్క పొడవుగా పెరిగింది’ అంటే పొడవు పెరగడానిది కాదు, మొక్కది. అందుకే ‘ద ప్లాంట్ గ్రూ టాల్’. ‘మొక్క త్వరగా పెరిగింది’ అంటే ఆ త్వర పెరగడానిది. అది ‘ద ప్లాంట్ గ్రూ క్విక్‌లీ’. అలాగే ‘కాఫీ వేడిగా తాగాడు’ అన్నప్పుడు వేడి కాఫీది, ‘హి డ్రాంక్ హిజ్ కాఫీ హాట్’. ‘గోడకు తెల్లగా రంగు వేశారు’ అంటే ‘దే పెయింటెడ్ ద వాల్ వైట్’. ఇలాంటి చోట క్రియను చూసి తేల్చకండి, గుణం ఎవరిదన్న ప్రశ్ననే నమ్ముకోండి.

రెండో అడుగు: ఒకే వెర్బ్‌కు రెండు వేషాలుంటే తెలుగులో అనుకోండి

ఇంగ్లిష్ వాళ్లకే తికమక పెట్టే చోటు ఇది. ఇక్కడ తెలుగు మనకు అడ్డం కాదు, ఆసరా. ‘లుక్’ అన్న ఒక్క మాట చూడటానికీ కనిపించడానికీ పనికొస్తుంది. మనకు ఆ రెండూ వేరు మాటలు. ‘స్మెల్’ అంటే వాసన చూడటం కావచ్చు, వాసన రావడం కావచ్చు. ‘టేస్ట్’ అంటే రుచి చూడటం, లేదా రుచిగా ఉండటం. ‘ఫీల్’ అంటే తడిమి చూడటం, లేదా అనిపించడం. ‘అప్పియర్’ అంటే వచ్చి ప్రత్యక్షమవడం, లేదా అలా అనిపించడం. ‘టర్న్’ అంటే తిరగడం, లేదా మారిపోవడం.

కాబట్టి వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోండి. చూశాడు, రుచి చూసింది, తడిమాడు, తిరిగాడు అన్న మాట వస్తే అది కర్త కావాలని చేసిన పని. పక్కన అడ్వర్బ్ పెట్టండి. కనిపించాడు, అనిపించింది, రుచిగా ఉంది, మారింది అన్న మాట వస్తే అడ్జెక్టివ్ పెట్టండి.

‘మేనేజర్ నావైపు కోపంగా చూశాడు’: ‘ద మేనేజర్ లుక్‌డ్ యాంగ్రిలీ ఎట్ మీ’. ‘మేనేజర్ కోపంగా కనిపించాడు’: ‘ద మేనేజర్ లుక్‌డ్ యాంగ్రీ’. లుక్ తర్వాత ‘ఎట్’ ఉంటే చూపు ఎటో వెళ్లినట్టే, అక్కడ అడ్వర్బ్ కావాలి. ‘డాక్టర్ మోకాలిని నెమ్మదిగా తడిమాడు’: ‘ద డాక్టర్ ఫెల్ట్ ద నీ జెంట్లీ’. ‘గుడ్డ మెత్తగా అనిపించింది’: ‘ద క్లాత్ ఫెల్ట్ సాఫ్ట్’. ‘ఆమె సడన్‌గా ప్రత్యక్షమైంది’: ‘షి అప్పియర్‌డ్ సడన్‌లీ’. ‘ఆమె అలసిపోయినట్టు అనిపించింది’: ‘షి అప్పియర్‌డ్ టైర్‌డ్’.

ఇంకా అనుమానం ఉంటే ఆ వెర్బ్ తీసేసి ‘ఈజ్’ గానీ ‘వాజ్’ గానీ పెట్టి చూడండి. ‘ద సాంబార్ టేస్ట్స్ గుడ్’లో మార్చితే ‘ద సాంబార్ ఈజ్ గుడ్’ అవుతుంది. వాక్యం నిలబడింది, కాబట్టి అడ్జెక్టివే సరి. ‘షి టేస్టెడ్ ద సాంబార్ కేర్‌ఫుల్లీ’లో మార్చితే ‘షి వాజ్ ద సాంబార్’ అని నవ్వులాటగా తేలుతుంది. అంటే అది లింకింగ్ వెర్బ్ కాదు. వెర్బ్ తర్వాత వెంటనే ఆబ్జెక్ట్ ఉంటే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు, అది పని చెప్పే వెర్బే.

గుడ్, వెల్, బ్యాడ్, బ్యాడ్‌లీ

‘బాగా’ అన్న మాట మనల్ని అన్నిటికన్నా ఎక్కువ ముంచుతుంది. ‘బాగా పాడింది’ అంటే ‘షి శాంగ్ వెల్’. ‘గొంతు బాగుంది’ అంటే ‘హర్ వాయిస్ సౌండ్స్ గుడ్’. ‘వెల్’ మామూలుగా అడ్వర్బ్. అయితే ఒంట్లో బాగుండటం అనే అర్థంలో అదే అడ్జెక్టివ్ కూడా. అందుకే ‘ఐ యామ్ వెల్’, ‘ఐ డోంట్ ఫీల్ వెల్’ రెండూ ఒప్పే. ‘యూ లుక్ వెల్’ అంటే ఆరోగ్యంగా కనిపిస్తున్నారని, ‘యూ లుక్ గుడ్’ అంటే అందంగా, చక్కగా కనిపిస్తున్నారని. జ్వరం నుంచి కోలుకున్న మనిషికి మొదటిది చెప్పాలి, పెళ్లిబట్టల్లో ఉన్న మనిషికి రెండోది.

‘బాధగా ఉంది’ అనడానికి ‘ఐ ఫీల్ బ్యాడ్’ అనండి. ‘ఐ ఫీల్ బ్యాడ్‌లీ’ అని ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లే కొందరు అంటుంటారు, వినబడితే కంగారు పడకండి. పరీక్షలో మాత్రం బ్యాడ్ రాయండి. వాసన విషయంలో తేడా ఇంకా స్పష్టం. ‘ద ఫిష్ స్మెల్స్ బ్యాడ్’ అంటే చేప కంపు కొడుతోందని. ‘స్మెల్స్ బ్యాడ్‌లీ’ అని రాస్తే, పట్టుబట్టి చదివేవాళ్లకు చేప ముక్కు సరిగా పనిచేయడం లేదని అర్థం వస్తుంది.

మరో రెండు మాటలు చెప్పి ముందుకెళ్దాం. చివర ‘లీ’ ఉన్న ప్రతి మాటా అడ్వర్బ్ కాదు. ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ అడ్జెక్టివ్‌లే. ‘షి సీమ్స్ ఫ్రెండ్లీ’ నిక్షేపంగా ఒప్పు. ఇక లింకింగ్ వెర్బ్ తర్వాత అడ్వర్బ్ అసలు రాకూడదని కూడా అనుకోకండి. అడ్జెక్టివ్‌ను బలపరచడానికో పలచన చేయడానికో రావచ్చు. ‘ఇట్ స్మెల్స్ స్ట్రేంజ్‌లీ స్వీట్’లో స్ట్రేంజ్‌లీ అన్నది స్వీట్ మీద వాలింది, స్మెల్స్ మీద కాదు. ఈ సంగతి కాసేపట్లో మళ్లీ అవసరమవుతుంది.

మూడో అడుగు: నౌన్ ముందు వరస, కుడి నుంచి ఎడమకు కట్టండి

అడ్జెక్టివ్ నౌన్ ముందుకు వచ్చాక ప్రశ్న మారుతుంది. రెండు మూడు ఉంటే ఏది ముందు? పుస్తకాల్లో ఇచ్చే వరస ఇది: ఎ, ద, మై, దట్ లాంటి నిర్దేశకం, సంఖ్య, అభిప్రాయం, పరిమాణం, వయసు, ఆకారం, రంగు, ఊరు లేదా దేశం, పదార్థం, ప్రయోజనం, చివర నౌన్. కొన్ని పుస్తకాల్లో వయసు, ఆకారం తారుమారుగా ఉంటాయి. దాని గురించి కొట్టుకోవక్కర్లేదు, ఆ రెండూ ఒకేసారి తగలడం అరుదు.

ఇంత పొడుగు జాబితా గుర్తుపెట్టుకోవడం కన్నా, దాని వెనకున్న లెక్క పట్టుకోవడం తేలిక. వస్తువు నుంచి విడదీయలేని గుణం నౌన్‌కు దగ్గరగా ఉంటుంది. చూసే మనిషిని బట్టి మారే గుణం దూరంగా ఉంటుంది. చీర నూలుదన్నది అందరికీ ఒకటే, అది చీర పక్కనే కూర్చుంటుంది. అందంగా ఉందన్నది మీ అభిప్రాయం, అది అంత దూరం జరుగుతుంది.

అందుకే నౌన్ దగ్గర మొదలుపెట్టి ఎడమకు కట్టుకుంటూ పొండి. చెప్పాల్సినవి ఇవనుకోండి: ఎరుపు, రెండు, అందం, నూలు, కొత్తవి, పోచంపల్లివి. నౌన్ ‘సారీస్’. దేనితో నేశారు? నూలుతో: ‘కాటన్ సారీస్’. ఎక్కడివి? ‘పోచంపల్లి కాటన్ సారీస్’. రంగు? ‘రెడ్ పోచంపల్లి కాటన్ సారీస్’. వయసు? ‘న్యూ రెడ్ పోచంపల్లి కాటన్ సారీస్’. మీ అభిప్రాయం? ‘బ్యూటిఫుల్ న్యూ రెడ్ పోచంపల్లి కాటన్ సారీస్’. ఎన్ని? ‘టూ బ్యూటిఫుల్ న్యూ రెడ్ పోచంపల్లి కాటన్ సారీస్’. ఇది అభ్యాసం కోసం కట్టిన గొలుసు. మామూలు రాతలో నౌన్ ముందు మూడు దాటితే వాక్యం బరువెక్కుతుంది, మిగతావి వేరే వాక్యంలోకి తీయండి.

గొలుసు కుడి కొసలో మన చెవి దాదాపు తప్పదు. ‘ఎర్ర నూలు చీర’ అంటాం గానీ ‘నూలు ఎర్ర చీర’ అనం. ఇంగ్లిష్‌లోనూ ‘రెడ్ కాటన్ సారీ’యే. తప్పులన్నీ ఎడమ కొసలోనే జరుగుతాయి, ఎందుకంటే అక్కడ తెలుగు మనకు స్వేచ్ఛ ఇస్తుంది. ‘పాత పెద్ద ఇల్లు’, ‘పెద్ద పాత ఇల్లు’ రెండూ మనకు పలుకుతాయి. ఇంగ్లిష్‌లో పరిమాణం ముందు, ‘ఎ బిగ్ ఓల్డ్ హౌస్’ ఒక్కటే సహజం. ‘మంచి రెండు పుస్తకాలు చెప్పండి’ అని మనం అడుగుతాం. ‘గుడ్ టూ బుక్స్’ అని అడిగితే ఇంగ్లిష్‌లో చెల్లదు. సంఖ్య ముందు రావాలి, ‘టూ గుడ్ బుక్స్’. సంఖ్యతో పాటు ఫస్ట్, లాస్ట్, నెక్స్ట్ ఉంటే అవి సంఖ్య కన్నా ముందుంటాయి: ‘ద ఫస్ట్ టూ చాప్టర్స్’.

‘ఆ నా పాత ఫోన్’ సంగతి ఇంకోటి. తెలుగులో ‘ఆ’, ‘నా’ పక్కపక్కన ఉంటాయి. ఇంగ్లిష్‌లో నిర్దేశకం కుర్చీ ఒక్కటే, అందులో ‘దట్’ కూర్చుంటే ‘మై’కి చోటు లేదు. ‘దట్ మై ఓల్డ్ ఫోన్’ అనకూడదు, ‘దట్ ఓల్డ్ ఫోన్ ఆఫ్ మైన్’ అనాలి. ‘ఎ’, ‘ద’ కూడా ఆ కుర్చీ కోసమే పోటీ పడతాయి, అందుకే ‘ద మై హౌస్’ కుదరదు.

రంగు ఊరి కన్నా ముందు అని చెప్పుకున్నాం. మరి గుంటూరు ఎండుమిరపకాయలు? ‘గుంటూర్ రెడ్ చిల్లీస్’ అనాలి, ‘రెడ్ గుంటూర్ చిల్లీస్’ కాదు. కారణం, ‘రెడ్ చిల్లీ’ అన్నది అక్కడ రంగు వర్ణన కాదు, సరుకు పేరు. పచ్చిమిరపకాయ వేరే సరుకు. పేరులో భాగమైపోయిన మాటను నౌన్ నుంచి విడదీయకూడదు. ‘డార్జిలింగ్ గ్రీన్ టీ’కీ అదే న్యాయం. దీన్ని తేల్చడానికి ఆ మాట తీసేసి చూడండి. తీసేస్తే దుకాణంవాడు వేరే సరుకు కట్టిచ్చే ప్రమాదం ఉందంటే అది పేరులో భాగమే.

కామా, అండ్

ఒకే కోవలోని రెండు మాటలు పక్కపక్కన వస్తే వాటి మధ్య కామా పెట్టండి: ‘ఎ బోరింగ్, టైరింగ్ జర్నీ’. పరీక్ష చాలా సులువు. రెండిటినీ తారుమారు చేసినా, మధ్యలో ‘అండ్’ పెట్టినా వాక్యం చెడకపోతే కామా కావాలి. వేరువేరు కోవల మాటలైతే కామా వద్దు. ‘బిగ్ ఓల్డ్ హౌస్’, ‘రెడ్ కాటన్ సారీ’ లాంటి వాటిలో కామా పెట్టడం మనవాళ్లకు అలవాటు, తీసేయండి. రెండు రంగులుంటే మాత్రం ‘అండ్’ తప్పనిసరి: ‘ఎ బ్లాక్ అండ్ వైట్ ఫోటో’.

ఇవే మాటలు లింకింగ్ వెర్బ్ తర్వాతకు వెళ్తే లెక్క మారుతుంది. అక్కడ వరస అంత కచ్చితం కాదు గానీ, చివరి దాని ముందు ‘అండ్’ ఉండాలి: ‘ద రూమ్ వాజ్ స్మాల్, డార్క్ అండ్ డ్యాంప్’. నౌన్ ముందైతే ‘ఎ స్మాల్ డార్క్ రూమ్’ చాలు. కొన్ని మాటలు నౌన్ ముందుకు అసలు రావు. ‘ద బేబీ ఈజ్ అస్లీప్’ సరే, ‘అస్లీప్ బేబీ’ కాదు, ‘స్లీపింగ్ బేబీ’ అనాలి. అఫ్రెయిడ్, అవేక్, అలైవ్, అలోన్ కూడా ఈ బాపతే.

ఒక పేరా దిద్దుదాం

ఇవన్నీ ఒకచోట తగిలేలా ఒక విద్యార్థి రాసే తరహా పేరా తీసుకుందాం:

‘మై గ్రాండ్‌ఫాదర్స్ ఓల్డ్ బిగ్ హౌస్ లుక్స్ బ్యూటిఫుల్లీ. ఇట్ హ్యాజ్ బ్యూటిఫుల్ కార్వ్‌డ్ టీక్ టూ డోర్స్. ద రూమ్స్ ఫీల్ కూల్లీ. మై గ్రాండ్‌మదర్ టేస్టెడ్ ద సాంబార్ కేర్‌ఫుల్ అండ్ సెడ్ దట్ ఇట్ టేస్టెడ్ వెల్.’

మొదటి వాక్యంలో ‘మై గ్రాండ్‌ఫాదర్స్’ నిర్దేశకం, అది మొదట ఉండటం సరే. పరిమాణం వయసు కన్నా ముందు కావాలి, కాబట్టి ‘బిగ్ ఓల్డ్ హౌస్’. ‘లుక్స్’ అంటే ఇక్కడ కనిపిస్తోంది అని, ఇల్లు ఎటూ చూడటం లేదు. అందం ఇంటిది. ‘లుక్స్ బ్యూటిఫుల్’.

రెండో వాక్యంలో ‘టూ’ మొదటికి వెళ్లాలి, అది తేలిక. అసలు చూడాల్సింది ‘బ్యూటిఫుల్ కార్వ్‌డ్’. చెప్పదలుచుకున్నది ఏమిటి? తలుపులు అందంగా ఉన్నాయి, వాటి మీద చెక్కడం ఉంది అని వేరువేరుగా చెప్పాలంటే ‘టూ బ్యూటిఫుల్ కార్వ్‌డ్ టీక్ డోర్స్’ అలాగే ఉంచవచ్చు. చెక్కిన పనితనం అందంగా ఉందని చెప్పాలంటే అందం చెక్కడానిది, తలుపుది కాదు. అప్పుడు స్ట్రేంజ్‌లీ స్వీట్‌లో లాగే ‘బ్యూటిఫుల్లీ కార్వ్‌డ్’ అని అడ్వర్బ్ పెట్టాలి. ఈ రెండు మాటలూ కలిసి ఒక్కటే అడ్జెక్టివ్‌గా లెక్క, మధ్యలో ఇంకేదీ దూరకూడదు. ‘ఓల్డ్’ కూడా చేర్చాలనిపిస్తే ‘టూ బ్యూటిఫుల్లీ కార్వ్‌డ్ ఓల్డ్ టీక్ డోర్స్’ అనండి. ‘లీ’తో అంతమయ్యే అడ్వర్బ్ తర్వాత హైఫన్ పెట్టే పని లేదు.

మూడో వాక్యంలో గదులు దేన్నీ తడమవు, మనకు అలా అనిపిస్తాయి. చల్లదనం గదులది. ‘ద రూమ్స్ ఫీల్ కూల్’.

నాలుగో వాక్యంలో ‘టేస్టెడ్’ రెండుసార్లు వచ్చింది, రెండు వేషాల్లో. మొదటిసారి బామ్మ రుచి చూసింది, వెంటనే ఆబ్జెక్ట్ ఉంది, జాగ్రత్త చూడటంలో ఉంది. ‘టేస్టెడ్ ద సాంబార్ కేర్‌ఫుల్లీ’. రెండోసారి సాంబార్ రుచిగా ఉంది, గుణం సాంబార్‌ది. ‘ఇట్ టేస్టెడ్ గుడ్’. అక్కడ ‘వెల్’ అలాగే వదిలేస్తే, గరిటె పట్టుకుని రుచి చూడటంలో సాంబార్‌కే మంచి నేర్పు ఉందని రాసినట్టవుతుంది.